పెళ్లయ్యాక ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు: సర్టిఫికెట్లు మార్పించుకోవాలా?

"మేడం, నా టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతో VEMULA SRAVANI అని ఉన్నాయి. పెళ్లయ్యాక 2020లో మావారు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి అత్తింటి ఇంటిపేరుకి మార్పించారు. అందులో Bollam Shravani అని వచ్చింది. అంతకు ముందు ఆధార్‌లో ఒకసారి ఏదో సరిచేయించినట్టు గుర్తు, సరిగ్గా తెలీదు. పాన్ కార్డు ఇంకా పాత పేరుతోనే ఉంది. పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించలేదు. ఇప్పుడు టీచర్ పోస్టులకి దరఖాస్తు చేయాలి. మావారికి వచ్చే ఏడాది అమెరికా వెళ్లే అవకాశం ఉంది కాబట్టి పాస్‌పోర్ట్ కూడా తీయాలి. టెన్త్ మెమో దగ్గర్నుంచి అన్నీ కొత్త పేరుకి మార్పించి ఇస్తానని ఒకాయన పదిహేను వేలు అడుగుతున్నాడు. ఇవ్వాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – శ్రావణి, ఖమ్మం జిల్లా"

శ్రావణి గారూ, ఆ పదిహేను వేలు ఇవ్వకండి. డబ్బు పోతుందని మాత్రమే కాదు, ఆ పని జరిగితే మీకు ఇంకా పెద్ద నష్టం.

టెన్త్ మెమో మీ గుర్తింపు కార్డు కాదు. ఫలానా సంవత్సరం, ఫలానా హాల్ టికెట్ నంబరుతో ఫలానా అమ్మాయి పరీక్ష రాసి పాసైందని ప్రభుత్వ పరీక్షల విభాగం ఇచ్చిన కాగితం. ఆ రోజు మీరు వేముల శ్రావణి. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లోనూ, బోర్డు రికార్డులోనూ అదే పేరు ఉంది. మెమోలోని పేరును బోర్డు సరిచేస్తుంది గానీ అది రికార్డుకీ మెమోకీ తేడా వచ్చినప్పుడు. స్కూల్ రిజిస్టర్‌లో ఒకలా ఉండి మెమోలో అక్షరం తప్పు పడితే హెడ్మాస్టర్ ద్వారా, డీఈఓ ఆఫీసు ద్వారా ఫైలు వెళ్తుంది. పెళ్లి కావడం అలాంటి తప్పు కాదు. మీ మెమోలో దిద్దాల్సింది ఏమీ లేదు.

మరి ఆయన ఏం మార్చి ఇస్తాడు? చేతికి ఒక మెమో ఇస్తాడు. అందులో బొల్లం శ్రావణి అనే ఉంటుంది. రేపు మీకు ఉద్యోగం వస్తే ఆ మెమో నకలు నిజమైనదో కాదో చూడమని శాఖవాళ్లు బోర్డుకి పంపుతారు. ఆ హాల్ టికెట్ నంబరు మీద తమ దగ్గర వేముల శ్రావణి ఉందని అక్కణ్ణుంచి జవాబు వస్తుంది. అప్పుడు మీ చేతిలో ఉన్నది నకిలీ సర్టిఫికెట్ అవుతుంది. చదివింది మీరే, పాసైంది మీరే, అయినా ఫోర్జరీ కేసులో ఇరుక్కుంటారు. ఏళ్ల తరబడి ఒక కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ల సెక్షన్ చూశాను కాబట్టి, ఇలా చేతికందిన ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోవాలని మీకు మనసులో ఉంటే మార్చుకోవచ్చు, అది మీ ఇష్టం. వద్దనుకుంటే భార్యగా మీకున్న హక్కు ఒక్కటి కూడా తగ్గదు. మీ విషయంలో ఈ మార్పు మీరు అడిగి చేయించుకున్నట్టు కనిపించడం లేదు కాబట్టి, నాకు సరైనదనిపించే దారి ముందు చెబుతాను. సర్టిఫికెట్లను ఆధార్ వైపు లాగడం కాదు, ఆధార్‌నే సర్టిఫికెట్ల వైపు తిరిగి తీసుకురండి.

అది కుదురుతుందా లేదా అన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఇంటిపేరు మార్చినా, ఒక అక్షరం దిద్దినా, ముందు వెనకలు చేసినా ఒక అవకాశం ఖర్చయినట్టే. 2020లో మీకు ఒకటి పోయింది. అంతకుముందు సరిచేయించింది పేరైతే రెండూ అయిపోయాయి. అడ్రస్సో, ఫోన్ నంబరో, పుట్టిన తేదీయో అయితే అది పేరు లెక్కలోకి రాదు, ఇంకొకటి మిగిలి ఉన్నట్టు. గుర్తులేకపోతే ఊహించాల్సిన పని లేదు. myaadhaar.uidai.gov.in లో ఓటీపీతో లాగిన్ అయితే Aadhaar Update History అని ఉంటుంది. ఏ తేదీన ఏది మారిందో అందులో కనిపిస్తుంది. వేరే ఏ పనీ మొదలుపెట్టకముందు ఇది చూడండి.

ఒక అవకాశం మిగిలి ఉందనుకుందాం. అప్పుడు మీ పాత పాన్ కార్డే మీకు పెద్ద అండ. అది ఇంకా మార్పించలేదని మీరు బాధగా రాశారు గానీ, మార్పించకపోవడమే మంచిదైంది. టెన్త్ పేరుతో, మీ ఫొటోతో చెల్లుబాటులో ఉన్న గుర్తింపు అది. ఆధార్‌లో పేరుకి రుజువుగా పాన్ చెల్లుతుంది. దాన్నీ, టెన్త్ మెమోనీ తీసుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్లి పేరు VEMULA SRAVANI గా మార్చమని అడగండి. రసీదు మీద ఉన్న పేరును మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చదవండి. సంతకం ఆ తర్వాతే.

ఆ అక్షరాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇంటిపేరు కాదు, మీరు గమనించారో లేదో, ఆ H. మెమోలో SRAVANI, ఆధార్‌లో Shravani. ఇంటిపేరు ఎందుకు మారిందని ఎవరైనా అడిగితే పెళ్లయిందని చెప్పొచ్చు, పెళ్లి సర్టిఫికెట్ చూపించొచ్చు. ఆ H ఎక్కణ్ణుంచి వచ్చిందంటే చూపించడానికి ఏ కాగితమూ లేదు. తెలుగులో రెండూ ఒకటే శ్రావణి. కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. పాన్‌ని ఆధార్‌తో లింక్ చేసేటప్పుడు, పీఎఫ్ ఖాతాలో ఆధార్ సరిచూసేటప్పుడు మనవాళ్లకి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇలాంటి ఒక్క అక్షరమే.

పేరు ముందు ఇంటిపేరు ఉందా, చివర ఉందా అన్నదానికి మాత్రం భయపడకండి. మన మెమోల్లో ఇంటిపేరు ముందొస్తుంది. పాస్‌పోర్ట్ ఫారంలో Given Name, Surname అని రెండు గళ్లుంటాయి. మొదటిదాంట్లో SRAVANI, రెండోదాంట్లో VEMULA రాస్తారు. వరుస మారిందంతే, పేరు మారలేదు. పొడి అక్షరాలు మాత్రం ఎక్కడా రాయొద్దు. V SRAVANI అని ఒకచోట, పూర్తి పేరు ఇంకోచోట పడితే అది మళ్లీ కొత్త తేడా.

ఇప్పుడు రెండో దారి. ఆధార్‌లో రెండు అవకాశాలూ అయిపోయి ఉండొచ్చు, లేదా మీరే ఆలోచించుకుని బొల్లం శ్రావణిగానే ఉండాలనుకోవచ్చు. అప్పుడు కూడా సర్టిఫికెట్లను ముట్టుకోవద్దు. పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య వంతెన వేసే కాగితం ఒకటి సంపాదించి, జీవితాంతం టెన్త్ మెమోతో పాటు అదే ఫైల్లో పెట్టుకోవాలి.

ఇంటిపేరు వరకైతే ఆ వంతెన పెళ్లి సర్టిఫికెట్. మీరు ఇంకా రిజిస్ట్రేషన్ చేయించలేదు కాబట్టి ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వివరాలు నింపేటప్పుడు ఆధార్ కార్డు అడుగుతారు. మీ ఆధార్‌లో ఇప్పటికే బొల్లం శ్రావణి అని ఉంది. అది చూసి వధువు పేరు గడిలో అలాగే కొట్టేస్తే, బొల్లం వారి అబ్బాయికీ బొల్లం శ్రావణికీ పెళ్లయిందని సర్టిఫికెట్ వస్తుంది. అందులో వేముల అన్న మాటే ఉండదు. పెళ్లయినట్టు రుజువుగా అది పనికొస్తుంది గానీ, వేముల శ్రావణే బొల్లం శ్రావణి అయిందని చెప్పడానికి పనికిరాదు. వంతెనకి ఒక గట్టే ఉన్నట్టు. మీ నాన్నగారి పేరు అందులో ఉంటుంది కాబట్టి కొంత ఆధారం దొరుకుతుంది, కానీ వెరిఫికేషన్ బల్ల దగ్గర దాన్ని ఒప్పుకుంటారో లేదో ఆ రోజు కూర్చున్న అధికారిని బట్టి ఉంటుంది. అందుకే టెన్త్ మెమో, పాన్ రెండూ చూపించి, వధువు పేరు పెళ్లికి ముందున్నట్టు VEMULA SRAVANI అనే రాయమని అడగండి. పెళ్లై ఏళ్లయినా రిజిస్ట్రేషన్ చేస్తారు. పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటో, సాక్షులు సిద్ధంగా ఉంచుకోండి. మొదటి దారిలో వెళ్లేవాళ్లయితే ముందు ఆధార్ మార్పించుకుని, అది చేతికొచ్చాక రిజిస్ట్రేషన్‌కి వెళ్లండి, ఈ వాదనే రాదు.

పెళ్లి సర్టిఫికెట్ మీ H ని మాత్రం కప్పదు. దానికి గెజిట్ కావాలి. చాలామంది నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుని పేరు మారిపోయిందనుకుంటారు. అఫిడవిట్ అంటే నేను చెబుతున్నది నిజమని మీరు ప్రమాణం చేసి రాసిచ్చిన మాట, అంతే. కొన్ని ఆఫీసులు చిన్న తేడాలకి దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అఫిడవిట్, దినపత్రికలో ప్రకటన, ఆ తర్వాత గెజిట్‌లో ప్రచురణ, ఈ మూడూ పూర్తయితేనే ఎవరూ కాదనలేని కాగితం చేతికొస్తుంది. తెలంగాణ గెజిట్‌కి హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం ఉంది. కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీలోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లికేషన్‌కి దరఖాస్తు పంపాలి. దాంట్లో పేరు మార్పులు నాలుగో భాగంలో వస్తాయి.

గెజిట్‌లో పడే వాక్యం దాదాపుగా ఇలా ఉంటుంది: ఇంతవరకు ఫలానా పేరుతో పిలవబడుతున్న నేను, నా పేరు మార్చుకున్నాను, ఇకమీదట ఫలానా పేరుతో పిలవబడతాను. దీంట్లో రెండు విషయాలు చూడాలి. మొదటిది, పాత పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే పడాలి. ఒకసారి ఒక అమ్మాయి గెజిట్ పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. మెమోలో SOWJANYA. గెజిట్‌లో పాత పేరు అన్నచోట SOUJANYA. ఫారం నింపేటప్పుడు మెమో చూడకుండా అలవాటుగా రాసేసిందట. పాపం, డబ్బూ నెలలూ పెట్టి తెచ్చుకున్న గెజిట్ ఆ సర్టిఫికెట్‌ని అందుకోలేకపోయింది, మళ్లీ మొదటినుంచీ చేయించుకోవాల్సి వచ్చింది. మీరు VEMULA SRAVANI అని పాత పేరు, BOLLAM SHRAVANI అని కొత్త పేరు రాస్తే ఇంటిపేరూ, ఆ H రెండూ ఒకే కాగితంలో వచ్చేస్తాయి. రెండో విషయం, ఆ 'ఇకమీదట' అన్న మాట. గెజిట్ వెనక్కి వెళ్లి మీ టెన్త్ మెమోని మార్చదు. ఆ తేదీ నుంచి తీసుకునే కాగితాలకి కొత్త పేరు, అంతకు ముందువాటికి పాత పేరు, మధ్యలో గెజిట్. ఈ మూడూ కలిపి చూపిస్తే మీ రికార్డు పూర్తిగా సక్రమమే.

గెజిట్ దారిలో వెళ్తే ఆ తర్వాత పాన్, బ్యాంకు, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్ అన్నీ అదే అక్షరాలతో కొత్త పేరుకి మార్చాలి. సగం మార్చి సగం వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. పాన్ నంబరు మారదు, పేరే మారుతుంది. అందులో తండ్రి పేరు గడిలో భర్త పేరు రాయకండి. పెళ్లయినా అక్కడ నాన్నగారి పేరే ఉండాలి.

ఇక టీచర్ పోస్టుల దరఖాస్తు. ఏ దారి ఎంచుకున్నా దరఖాస్తులో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే నింపండి. ఆధార్ చూసి నింపకండి. టెట్‌కి కూడా అంతే, ఎందుకంటే టెట్ మార్కులు తర్వాత లెక్కలో కలుస్తాయి, అక్కడ ఒక పేరు, ఇక్కడ ఒక పేరు ఉండకూడదు. ఆధార్ మారేలోపే పరీక్ష వచ్చేస్తే హాల్ టికెట్‌తో పాటు పాన్ కార్డు తీసుకెళ్లండి. హాల్ టికెట్‌లో పేరు, పాన్‌లో పేరు ఒకటే కాబట్టి గేటు దగ్గర ప్రశ్న రాదు. కుల ధ్రువీకరణ పత్రం అవసరమైతే అది కూడా పుట్టింటి పేరుతో, నాన్నగారి పేరుతోనే ఉండాలి. కులం పుట్టుకతో వచ్చేది. బీసీలకి క్రీమీలేయర్ చూసేటప్పుడు కూడా తల్లిదండ్రుల స్థితే చూస్తారు, భర్త జీతం కాదు.

కేంద్ర ఉద్యోగాలకి ప్రయత్నించేవాళ్ల కోసం కూడా ఇక్కడే చెబుతాను. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ తన నోటిఫికేషన్లలో, టెన్త్ తర్వాత పెళ్లివల్ల పేరు మారితే ఏం చూపాలో స్పష్టంగా రాస్తుంది: రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ నకలు, లేదా భార్యాభర్తల పేర్లున్న భర్త పాస్‌పోర్ట్ నకలు, లేదా ఇద్దరూ కలిసి దిగిన ఫొటోతో చేసిన అఫిడవిట్. పెళ్లి కాకుండా వేరే కారణంతో మారితే పత్రికా ప్రకటనలు, గెజిట్ అడుగుతుంది. సర్టిఫికెట్లే మార్చుకుని రమ్మని మాత్రం అడగదు. మధ్యలో వంతెన ఉందా అనే చూస్తుంది.

పాస్‌పోర్ట్‌కి పుట్టింటి పేరు అడ్డం కాదు. పేరు గళ్లలో వేముల శ్రావణి, భర్త పేరు అన్నచోట మీవారి పేరు రాస్తే చాలు. అమెరికాకి ఆయనతో కలిసి వెళ్లే వీసాకి కూడా ఇద్దరి ఇంటిపేరూ ఒకటే ఉండాలన్న నియమం లేదు. వాళ్లకి కావాల్సింది పెళ్లయిందన్న రుజువు, అంటే పెళ్లి సర్టిఫికెట్. అక్కడి DS-160 ఫారంలో మీరు ఎప్పుడైనా వేరే పేర్లు వాడారా అని ఒక ప్రశ్న వస్తుంది. ఆధార్ వెనక్కి మార్చుకున్నా సరే, దానికి అవునని చెప్పి BOLLAM SHRAVANI అని రాయండి. కొన్నేళ్లు ఆ పేరుతో కార్డు ఉంది కదా, దాచాల్సిందేమీ లేదు. ముందు ఆధార్ స్థిరపడాలి, ఆ తర్వాతే పాస్‌పోర్ట్‌కి వెళ్లండి. అక్కడ ఆధార్‌నీ టెన్త్ మెమోనీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

సర్టిఫికెట్ మీద పేరు మార్చడం అసలు ఎవరికీ కుదరదా అని ఇంకొందరు పాఠకులు కూడా అడుగుతున్నారు. కుదిరే సందర్భాలున్నాయి. 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, మన పేరు మన భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని చెప్పింది. ఆ కేసు సీబీఎస్ఈ సర్టిఫికెట్ల గురించి. స్కూల్ రికార్డుకి సరిపోయే సవరణలు చేయాలంది. ఇష్టంతో కొత్త పేరు పెట్టుకున్నవాళ్లైతే ముందు కోర్టు అనుమతి లేదా డిక్లరేషన్, గెజిట్ ప్రచురణ తెచ్చుకోవాలంది. అప్పుడిచ్చే కొత్త సర్టిఫికెట్ మీద కూడా మార్పు జరిగిన సంగతి రాయొచ్చంది. అంటే అంత దూరం వెళ్లినా పాత పేరు రికార్డులోంచి మాయం కాదు. పేరే మొత్తంగా మార్చుకున్నవాళ్లకి, పాత పేరుతో బతకడమే కష్టమైనవాళ్లకి ఆ శ్రమ అవసరం. ఒక ఇంటిపేరు కోసం టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఈడీ నాలుగుచోట్ల ఆ పోరాటం మీకెందుకు?

ఒక్కటి మీరు రాయలేదు, పిల్లలున్నారో లేదో. ఉంటే ఈ వారమే వాళ్ల బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఎలా పడిందో తీసి చూడండి. 2020 తర్వాత పుట్టినవాళ్లైతే ఆసుపత్రిలో మీ ఆధార్ చూసి బొల్లం శ్రావణి అని రాసి ఉండే అవకాశం ఎక్కువ. మీరు పాత పేరుకి తిరిగి వెళ్తే అది కూడా మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో సరిచేయించాలి. పిల్లల పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు చేసే రోజు దాకా ఆ పని వాయిదా వేయకండి.